గోడౌన్ కాలిపోయాక పుస్తకాల్లో ఏం రాశాం: నా అనుభవం

రాజమండ్రి తాడితోటలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో నేను లెక్కలు రాస్తాను. 2024 జనవరి మొదటి వారంలో, సంక్రాంతి సరుకంతా దిగి ఉన్నప్పుడు, షాపు వెనక వీధిలోని మా గోడౌన్‌లో రాత్రిపూట షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచాయి. లోపల మనుషులెవరూ లేరు, అదొక్కటే అదృష్టం. ఫైరింజన్ వచ్చి ఆర్పేసరికి వెనక వైపు అరలన్నీ కాలిపోయాయి, ముందు వైపు సరుకు తడిసి ముద్దయింది. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు, అగ్నిమాపక శాఖ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ వాళ్లకి సమాచారం, ఇవన్నీ ఎవరైనా చెప్పేవే, మేమూ చేశాం. ఆ తరవాత లెక్కలు తేల్చడం, వాటిని పుస్తకాల్లోకి ఎక్కించడం నా వంతుకొచ్చింది. ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

"ఏమ్మా, ఎంత పోయిందంటావు?" అని అడిగారు మా షావుకారు గారు. ఆయన మనసులో యాభై లక్షల పైమాటే ఉంది. నష్టం తేల్చడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ గారు మాత్రం గోడౌన్‌లో ఒకసారి తిరిగి చూసి, "బూడిదని కొలవలేమండీ, మీ పుస్తకాలనే కొలవాలి" అన్నారు. నిజమే. మా దగ్గర గోడౌన్‌కి విడిగా స్టాక్ రిజిస్టర్ లేదు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో కొనుగోళ్లు, అమ్మకాలు మొత్తంగానే ఉంటాయి. కాబట్టి ప్రమాదం జరిగిన రోజుకి ఒక ట్రేడింగ్ ఖాతా వేసి, అందులోంచి సరుకు విలువ రాబట్టాలి. మెమొరాండం ట్రేడింగ్ అకౌంట్ అని కామర్స్‌లో చదువుకున్నది ఇదే. ఇది పుస్తకాల్లోకి ఎక్కదు, లెక్క కోసం కాగితం మీద వేసుకునేది.

ఏప్రిల్ 1న మా సరుకు నిల్వ 62 లక్షలు. అక్కడి నుంచి ప్రమాదం రోజు వరకు కొనుగోళ్లు ట్యాలీలో 150 లక్షలు చూపించాయి. జీఎస్టీ కలపకుండా చెబుతున్నాను, ఈ లెక్కలో ఎక్కడా జీఎస్టీ కలపకూడదు. అయితే ఆ 150లో రెండు లక్షల విలువైన సూరత్ బేళ్లు బిల్లయి, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనే ఉన్నాయి. మా గోడౌన్‌కి రాని సరుకు మా గోడౌన్‌లో కాలదు కదా. అది తీసేస్తే 148 లక్షలు. బిల్లు తేదీని చూసి కూడేస్తే చాలదు, లారీ రశీదు తీసి సరుకు ఎప్పుడు దిగిందో చూడాలి. సర్వేయర్ గారు కూడా ప్రమాదానికి ముందు పది పదిహేను రోజుల బిల్లులన్నిటికీ లారీ రశీదులు అడిగారు. హడావిడిగా వెనక తేదీలతో బిల్లులు ఎక్కించారేమో అని చూడడం ఆయన పని.

అమ్మకాలు 165 లక్షలు. మా స్థూల లాభం గత సంవత్సరాల ఆడిట్ లెక్కల్లో అమ్మకాల మీద 12 శాతం దగ్గరే ఉంది. 165 మీద 12 శాతం అంటే 19.80 లక్షలు. కాబట్టి అమ్మిన సరుకు ఖరీదు 145.20 లక్షలు. 62కి 148 కలిపి, అందులోంచి 145.20 తీసేస్తే ఆ రోజుకి మొత్తం సరుకు 64.80 లక్షలు ఉండాలి. ఇది షాపూ గోడౌనూ కలిపి. మర్నాడే షాపులో ఉన్న సరుకుని సర్వేయర్ గారి మనిషి ఎదుటే లెక్కపెట్టాం. పండగ గిరాకీకి అరలు సగం ఖాళీగా ఉండడంతో 16.80 లక్షలే తేలింది. మిగిలిన 48 లక్షలు గోడౌన్‌లో ఉన్నట్టు.

ఈ 48కి ఇంకో పరీక్ష కూడా ఉంది, బ్యాంకుకి నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్. మాకు క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంది, సరుకు మా దగ్గరే ఉంటూ బ్యాంకు అప్పుకి హామీగా, హైపోథికేషన్‌లో ఉంది. డిసెంబరు నెలాఖరుకి మేమిచ్చిన స్టేట్‌మెంట్‌ని సర్వేయర్ గారు నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకున్నారు. అప్పు పరిమితి తగ్గకుండా ఉండాలని కొందరు వ్యాపారులు అక్కడ సరుకు పెంచి చూపిస్తారు. అలాంటి చోట పుస్తకాలకీ స్టేట్‌మెంట్‌కీ పొంతన కుదరక క్లెయిమ్ అక్కడే ఇరుక్కుంటుంది. మావి రెండూ దగ్గరగా ఉండడంతో ఆ గండం గడిచింది.

ఇక 48 లక్షల్లో పోయిందెంత? షట్టరు పక్కన ఉన్న 6 లక్షల సరుకు చెక్కుచెదరలేదు. ఖరీదు ప్రకారం 10 లక్షల సరుకు తడిసి, పొగ పట్టి ఉంది. మిగిలిన 32 లక్షలది బూడిద. తడిసిన సరుకుకి సర్వేయర్ గారు పాత బట్టలు కొనేవాళ్ల నుంచి ధరలు తెప్పించారు. అన్నిట్లోకి పెద్ద ధర 4 లక్షలు. అంటే ఆ సరుకులో 6 లక్షలు పోయినట్టు. మొత్తం నష్టం 38 లక్షలు.

పుస్తకాల్లో నేను ముందుగా రాసింది ఈ ఎంట్రీ:

అగ్నిప్రమాద నష్టం ఖాతా, డెబిట్ 38,00,000
ట్రేడింగ్ ఖాతా (కాలిన సరుకు), క్రెడిట్ 38,00,000

క్రెడిట్ వైపు ట్రేడింగ్ ఖాతా ఎందుకని షావుకారు గారి అబ్బాయి అడిగాడు. సరుకు ఎలాగూ లేదు, ముగింపు నిల్వ తగ్గించి చూపిస్తే నష్టం దానంతటదే వస్తుంది కదా అని అతని వాదన. వస్తుంది, కానీ ఎలా వస్తుందో చూడండి. ప్రమాదం రోజుకి మిగిలిన సరుకు షాపులో 16.80, మంచిది 6, తడిసినది 4, మొత్తం 26.80 లక్షలు. అమ్మకాలు 165 కలిపితే 191.80. ఎదురుగా తొలి నిల్వ, కొనుగోళ్లు కలిపి 210. అంటే ట్రేడింగ్ ఖాతాలో 18.20 లక్షల స్థూల నష్టం. ఆ కాగితం చూసిన బ్యాంకు మేనేజరైనా, పన్ను అధికారైనా వీళ్లు అసలు ధర కంటే తక్కువకి అమ్ముతున్నారా, లేక అమ్మకాలు దాస్తున్నారా అనుకుంటారు. 38 లక్షలు క్రెడిట్ చేస్తే అదే ఖాతా 19.80 లక్షల లాభం చూపిస్తుంది, మామూలు 12 శాతం. వ్యాపారంలో లాభం ఎక్కడికీ పోలేదు, పోయింది సరుకు. ఆ రెండూ వేరువేరుగా కనపడాలి.

రెండో ఎంట్రీ జీఎస్టీది. దీన్ని చాలామంది మర్చిపోతారు. కాలిపోయిన, పోగొట్టుకున్న, రద్దు చేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకున్నది, సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(h) ప్రకారం మనకి చెల్లదు, వెనక్కి కట్టాలి. మాది 5 శాతం సరుకు. బూడిదైన 32 లక్షల మీద 1,60,000. తడిసిన 10 లక్షల సరుకుని మాత్రం ఇందులో కలపలేదు. అది నాశనం కాలేదు, తక్కువ ధరకైనా పన్ను వేసి అమ్ముతాం కాబట్టి దాని క్రెడిట్ ఉంటుందన్నారు మా ఆడిటర్ గారు.

ఆ 1,60,000ని ఏ పన్ను కింద వెనక్కి ఇవ్వాలన్నది చూడ్డానికి చిన్న ప్రశ్నే గానీ, ఒక పూటంతా దాంతోనే సరిపోయింది. సూరత్ సరుకు మీద ఐజీఎస్టీ, మన రాష్ట్రంలో కొన్నదాని మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. వెనక వైపు అరల్లో ఏముండేదో గుమాస్తాలని కూర్చోబెట్టి, బిల్లులు దగ్గర పెట్టుకుని విడదీస్తే సూరత్‌ది 25 లక్షలు, ఇక్కడిది 7 లక్షలు తేలింది. ఐజీఎస్టీ 1,25,000, మిగతా రెండూ చెరో 17,500. జనవరి నెల జీఎస్టీ రిటర్న్ GSTR-3B లో 4(B)(1) గడిలో చూపించాం. పుస్తకాల్లో అగ్నిప్రమాద నష్టం ఖాతాకే డెబిట్ చేసి, ఇన్‌పుట్ ఖాతాలకి క్రెడిట్ రాశాను. ఇప్పుడు నష్టం ఖాతా 39.60 లక్షలకి చేరింది. ఈ పన్ను డబ్బు కూడా ఇన్సూరెన్స్ వాళ్లని అడిగాం గానీ, మా పాలసీ మొత్తం జీఎస్టీ లేని ఖరీదు మీద పెట్టుకున్నది కాబట్టి ఇవ్వలేమన్నారు. దాని మీద వాదించడానికి మా దగ్గర కాగితం ఏదీ లేదు.

తడిసిన సరుకు ఫిబ్రవరిలో 3,70,000కి పోయింది, పైన 5 శాతం జీఎస్టీతో మామూలు బిల్లే ఇచ్చాం. సర్వేయర్ 4 లక్షలు కట్టినదానికి తగ్గిన 30,000 మాదే. ధర చెప్పినవాడు తీరా సరుకు ఎత్తే రోజున వాసన వస్తోందని గీచి గీచి తగ్గించాడు. అది అమ్మకంలో తక్కువ రాబడే గానీ ప్రమాద నష్టం కాదు, అందుకని దాన్ని నష్టం ఖాతాకి తీసుకెళ్లలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వాల్సిన డబ్బుని రావలసిన బాకీగా ఎప్పుడు రాయాలి, ఎంత రాయాలి?

కాలేజీ పుస్తకంలో అయితే ప్రమాదం రోజునే ఇన్సూరెన్స్ కంపెనీ ఖాతా డెబిట్ చేసేస్తారు. లెక్కలో క్లెయిమ్ ఎంతో ముందే ఇచ్చేస్తారు కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇక్కడ జనవరిలో మా చేతిలో ఉన్నది మేం పెట్టుకున్న దరఖాస్తు మాత్రమే. షావుకారు గారికేమో 38 లక్షలు వెంటనే రాసేస్తే నష్టమే కనపడదని ఆశ. ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. "మీరడిగింది ఆస్తి కాదండీ, వాళ్లొప్పుకున్నది ఆస్తి" అన్నారు. అకౌంటింగ్ స్టాండర్డ్ 29 చెప్పేదీ అదే. రావచ్చు రాకపోవచ్చు అన్న డబ్బుని పుస్తకాల్లో చూపించకూడదు, రావడం దాదాపు ఖాయమయ్యాకే రాయాలి. నష్టం విషయంలో అలా ఆగడానికి లేదు. అది జరిగిపోయింది, ఆ నెలలోనే రాయాలి. కొన్నాళ్లపాటు పుస్తకంలో నష్టం ఒక్కటే నిలబడి ఉంటుంది, చూడ్డానికి భయంగానే ఉంటుంది.

ఫిబ్రవరి చివర్లో ఆన్ అకౌంట్ కింద, అంటే క్లెయిమ్ తేలకముందే ఇచ్చే పాక్షిక చెల్లింపుగా, 10 లక్షలు వచ్చాయి. పాలసీలో బ్యాంకు క్లాజు ఉంది కాబట్టి ఆ డబ్బు నేరుగా క్యాష్ క్రెడిట్ ఖాతాలోనే పడింది. దాన్ని ఆదాయం కింద గానీ, నష్టంలో తగ్గింపు కింద గానీ రాయలేదు. "ఇన్సూరెన్స్ క్లెయిమ్ అడ్వాన్సు" అని ఒక లెడ్జర్ తెరిచి అక్కడ క్రెడిట్ ఇచ్చాను. చివరి మొత్తం తేలేవరకు అది అడ్వాన్సే.

మార్చి చివరి వారంలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, సర్వేయర్ కట్టిన లెక్కతో సహా. అక్కడ రెండు కోతలు ఉన్నాయి. ఒకటి పాత సరుకుది. రెండేళ్లు దాటిన 6 లక్షల డ్రెస్ మెటీరియల్ మా పుస్తకాల్లో పూర్తి ఖరీదుకే ఉంది. దాన్ని సగానికి కట్టి 3 లక్షలు తీసేశారు. నష్టం 38 నుంచి 35కి దిగింది. దీన్ని మేం ఒప్పుకున్నాం, ఆ సరుకుని మేమే సగం ధరకి వదిలించుకుందామని చూస్తున్నాం.

రెండోది యావరేజ్. గోడౌన్‌కి మా పాలసీ 36 లక్షలకే ఉంది. రెన్యువల్ అప్పుడు మార్చి నెలాఖరు సరుకుని చూసి పెట్టుకున్న మొత్తం అది. బట్టల వ్యాపారంలో గోడౌన్‌లోని మార్చి సరుకుకీ, సంక్రాంతి ముందు సరుకుకీ పోలికే ఉండదు. 48 లక్షల సరుకుకి 36 లక్షల పాలసీ అంటే నాలుగింట మూడొంతులే భీమా చేసినట్టు. అప్పుడు నష్టంలోనూ నాలుగింట మూడొంతులే ఇస్తారు, నష్టం పాలసీ మొత్తం కంటే తక్కువైనా సరే. మాది ఒకచోట ఉన్న ఆస్తుల విలువ 5 కోట్లు దాటని వ్యాపారాలకి 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష పాలసీ. అందులో 15 శాతం వరకు తక్కువ భీమాని వదిలేస్తారు. మాది 25 శాతం. 35లో ముప్పావు 26.25 లక్షలు, అందులో మా పాలసీ ప్రకారం మేమే భరించాల్సిన ఎక్సెస్ 5,000 పోను 26.20 లక్షలు. ఇందులో ఇదివరకు ఇచ్చిన 10 పోను 16.20 ఇస్తామని మెయిల్.

ఆ లెక్కని ఒకటికి రెండుసార్లు చూస్తే తేడా కనపడింది. పాత సరుకుని సగానికి కట్టినప్పుడు నష్టంలో 3 లక్షలు తగ్గించారు గానీ, గోడౌన్‌లో ఉన్న మొత్తం సరుకు విలువలో తగ్గించలేదు. నష్టం కొలవడానికి ఆ సరుకు 3 లక్షలది, యావరేజ్ వేయడానికి అదే సరుకు 6 లక్షలది! ఒకే సరుకుకి ఒకే రోజున రెండు ధరలు ఉండవు. గోడౌన్ సరుకు విలువ 45 లక్షలు అవ్వాలి. 36ని 45తో భాగిస్తే 80 శాతం. 35 మీద 80 శాతం 28 లక్షలు, ఎక్సెస్ పోను 27.95. మాకు 1.75 లక్షలు తక్కువ కట్టారు. ఎవరికైనా ఇలాంటి సర్వే లెక్క చేతికొస్తే ముందు ఈ భిన్నంలో పైన, కింద ఒకే ధర వాడారో లేదో చూసుకోండి.

ఇంతలో మార్చి 31 వచ్చేసింది. ఏ అంకె రాయాలి, 26.20 లక్షలా, 27.95 లక్షలా? మా లెక్క సరైనదని నాకు పూర్తి నమ్మకం ఉంది. అయినా రాసింది 26.20 మాత్రమే. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నది అంతే. 1.75 మా వాదన.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ రావలసినది, డెబిట్ 26,20,000
అగ్నిప్రమాద నష్టం ఖాతా, క్రెడిట్ 26,20,000

తరవాత అడ్వాన్సు లెడ్జర్‌లోని 10 లక్షలని ఇందులో సర్దేస్తే బ్యాలెన్స్ షీట్‌లో రావలసినది 16,20,000 మిగిలింది. నష్టం ఖాతాలో మిగిలిన 13,40,000 లాభనష్టాల ఖాతాకి వెళ్లింది, విడి గీతగా. ఇది వ్యాపార సరుకు నష్టం కాబట్టి ఆదాయపు పన్ను లెక్కలోనూ వ్యాపార నష్టంగానే తీసుకున్నారు.

ఆ 16.20ని ట్యాలీలో సండ్రీ డెటార్స్ కింద పెట్టలేదు. అక్కడ పెడితే బ్యాంకుకి ఇచ్చే బాకీల జాబితాలోకి వెళ్లిపోయి, దాని మీద డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి వాడుకోగలిగే మొత్తం, లెక్కకొస్తుంది. ఇన్సూరెన్స్ బాకీ మీద బ్యాంకు మాకు డ్రాయింగ్ పవర్ ఇవ్వలేదు. సరుకు పోయి పరిమితి అప్పటికే సగానికి పడిపోయింది. షావుకారు గారు సూరత్ వాళ్లని గడువు అడుక్కుంటున్నారు, షాపంతా అదే టెన్షన్. అలాంటప్పుడు ఆ లెడ్జర్‌ని అటు జరపమని ఎవరో ఒకరు చెవిలో ఊదుతూనే ఉంటారు. కరెంట్ ఆస్తుల్లో విడిగానే ఉంచాను.

మిగతా డబ్బు ఇచ్చే ముందు డిశ్చార్జి వోచరు పంపారు. "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరిస్తున్నాము" అని అచ్చు వేసి ఉంది. షావుకారు గారు కంగారు పడ్డారు. "సంతకం పెడితే ఆ లక్షా డెబ్బై అయిదు వేలూ వదులుకున్నట్టేనా అమ్మా?" అన్నారు. అలాంటి వోచరు మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ అడిగే హక్కు పోదని 2015లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. అయినా సంతకంతోపాటు అదే రోజున ఒక లేఖ కూడా పంపాం. 16.20 లక్షలని అభ్యంతరంతో తీసుకుంటున్నామని, యావరేజ్ లెక్కలో సరుకు విలువ 45 లక్షలుగా తీసుకోవాలని అందులో రాశాం. కింద ఆ భిన్నం రెండు రకాలుగా వేసి చూపించాం. వోచరుతో పాటే ఇలాంటి లేఖ వెళ్లడం ముఖ్యం. డబ్బు పడి నెలలు గడిచాక గుర్తొచ్చినట్టు అడిగితే బలం తగ్గుతుంది.

మే నెలలో 16.20 పడింది. రావలసిన ఖాతా సున్నా అయింది. మా లేఖకి జవాబు రాకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం. అక్కడా కాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దామనుకున్నాం. మాది సొంత యాజమాన్య సంస్థ కాబట్టి ఆ దారి ఉంది, 50 లక్షల లోపు వివాదాలు వాళ్లు చూస్తారు. అంతదూరం వెళ్లాల్సిన అవసరం రాలేదు. ఆగస్టులో కంపెనీ లెక్క సరిదిద్ది మిగిలిన 1,75,000 పంపింది.

దాన్ని ఎక్కడ రాయాలో షావుకారు గారికీ నాకూ కాసేపు చర్చ నడిచింది. అది నిరుడు కాలిన సరుకు డబ్బు కాబట్టి నిరుటి లెక్కలు తిరిగి తెరిచి నష్టం తగ్గించాలని ఆయన అన్నారు. మార్చి 31 నాటికి వాళ్లు ఒప్పుకోలేదు, మనం రాయలేదు, అందులో తప్పేమీ లేదు. ఒప్పుకున్నది ఈ సంవత్సరం, కాబట్టి ఇది ఈ సంవత్సరం ఆదాయం. "గత సంవత్సరపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ రాబడి" అని ఇతర ఆదాయాల కింద 2024-25లో రాశాం. క్లెయిమ్ డబ్బు సరుకు అమ్మకం కాదు కాబట్టి మొత్తం 27.95 లక్షల్లో దేని మీదా జీఎస్టీ పడలేదు. ఆడిటర్ గారు ఆ 1,75,000 పక్కన కంపెనీ ఆగస్టు మెయిల్ కాపీ పెట్టమన్నారు. ఫైల్లో పెట్టాను.